రెండు నిమిషాల్లో లెక్కల సారు

1962 నుంచి సెప్టెంబర్ 5ను ఉపాధ్యాయ దినోత్సవంగా జరుపుకుంటున్నాం. సర్వేపల్లి రాధాకృష్ణన్ పటానికి దండ వేశాక పదో తరగతి పిల్లల్లో ఒకరిని మాట్లాడమంటారు. చాలామంది ఆయన జీవిత చరిత్ర చదివి, గురువును దైవంతో పోల్చి కూర్చుంటారు. ఎదురుగా ఉన్న సారు ఆ మాటల్లో ఎక్కడా కనిపించరు.

ఆ కాసేపటికి ఒక్క టీచరు, ఆయన చేసిన రెండు చిన్న పనులు చాలు. ఓ అమ్మాయి ఇలా చెప్పిందనుకుందాం:

“అందరికీ నమస్కారం. ఎనిమిదిలో బోర్డు దగ్గరికి వెళ్లాలంటే వణికేదాన్ని. లెక్కల సారు నన్ను పిలవడం మానలేదు. వచ్చిన స్టెప్పు వరకే నాతో చేయించి, మిగతాది తానే పూర్తిచేసేవారు. కొన్నాళ్లకు ఇంకో స్టెప్పు నాకు వదిలేవారు. ఓసారి జామెట్రీ బాక్స్ తీసుకెళ్లలేదు. ఎందుకని అడగలేదు. సొరుగులోంచి కంపాస్ తీసి, ‘పనయ్యాక ఇవ్వమ్మా’ అన్నారు. మా ఇంట్లో పరిస్థితి ఆయనకు ముందే తెలుసని తర్వాత అర్థమైంది. సార్, ఇప్పుడు లెక్క మొత్తం నేనే చేస్తున్నాను.”

‘దయగలవారు’ అన్న మాట ఇందులో లేదు. ఆ సొరుగు, ఆ కంపాస్ చాలు, సారు మనసు వినేవాళ్లకు తెలిసిపోతుంది. నాకు బాగా నచ్చేది చివరి వాక్యం, అది నేరుగా ఆయనతోనే మాట్లాడుతుంది.

ఒక్క జాగ్రత్త తప్పనిసరి. తన ఇంటి ఇబ్బంది తాను చెప్పుకోవచ్చు. సారు గుట్టుగా ఫీజు కట్టిన తోటి విద్యార్థి సంగతి మాత్రం, ఆ పిల్లవాణ్ని అడక్కుండా మైకులో చెప్పకూడదు.