తొమ్మిదో వంతు లెక్కతో ఫోన్‌లో చూపు

2014లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు తయారుచేసిన వీజీజీ-16 అనే మోడల్ ఫొటోలో ఉన్నది కుక్కో కుర్చీయో చెప్పగలిగేది. అందుకు అది మోసే బరువు మాత్రం 13.8 కోట్ల పారామీటర్లు, అంటే శిక్షణలో నేర్చుకున్న అంకెలు. ఒక్కో అంకెకు నాలుగు బైట్లు వేసుకున్నా 550 మెగాబైట్లు దాటుతుంది. జేబులో పెట్టుకునే ఫోన్‌కు ఇది మోయలేని మూట.

2017 ఏప్రిల్‌లో గూగుల్‌లోని ఆండ్రూ హోవర్డ్ బృందం మొబైల్‌నెట్‌ను ప్రకటించింది. దాని పారామీటర్లు 42 లక్షలే. ఇమేజ్‌నెట్ ఫొటోల పరీక్షలో వీజీజీ 71.5 శాతం సరిగ్గా చెబితే ఇది 70.6 శాతం చెప్పింది. ఈ పొదుపులో పెద్ద వాటా ‘డెప్త్‌వైజ్ సెపరబుల్ కన్వల్యూషన్’ది.

అదేమిటో తెలియాలంటే మొబైల్‌నెట్ నడుమ ఉన్న ఒక పొరలోకి తొంగిచూడాలి. అక్కడికి చేరేసరికి ఫొటో ఫొటోలా ఉండదు. అడ్డంగా 14, నిలువుగా 14 గళ్లున్న పటాలు 512 ఉంటాయి. వీటినే చానళ్లు అంటారు. ఒకటి అంచులున్న చోట్లను, మరొకటి గుండ్రటి ఆకారాలను పట్టి చూపవచ్చు. వీటి నుంచి మళ్లీ 512 కొత్త పటాలు తయారు చేయడమే ఆ పొర పని.

మామూలు కన్వల్యూషన్‌లో ఒక ఫిల్టర్ రెండు పనులు ఒకేసారి చేస్తుంది. ఒక గడిని, చుట్టూ ఉన్న ఎనిమిదింటిని కలిపి చూస్తుంది. అలా మొత్తం 512 చానళ్లలోనూ చూసి, అన్నీ కలిపి ఒక్క జవాబు తేలుస్తుంది. కాబట్టి ఒక ఫిల్టర్‌కు 9 × 512 అంకెలు కావాలి. కొత్త పటాలు 512 కనుక ఫిల్టర్లూ అన్నే. మొత్తం 23,59,296 పారామీటర్లు. ప్రతి అంకే 196 గళ్ల దగ్గరా ఒక్కోసారి వాడాలి. గుణకారాలు 46 కోట్లు దాటాయి, అదీ ఒక్క పొరకే.

ఇప్పుడు ఆ రెండు పనులనూ విడదీద్దాం. మొదటి అంచెలో ప్రతి చానల్‌కూ దాని సొంత తొమ్మిది గళ్ల ఫిల్టర్ ఒకటే ఉంటుంది. అది పక్క చానల్ జోలికి పోదు. దీన్ని డెప్త్‌వైజ్ అంటారు. 9 × 512, అంటే 4,608 అంకెలతో సరి. రెండో అంచె పాయింట్‌వైజ్. ఇది ఇరుగుపొరుగు గళ్లను చూడదు, ఒకే గడి దగ్గర 512 చానళ్లనూ పాళ్లు వేసి కలుపుతుంది. దీనికి 512 × 512, అంటే 2,62,144 అంకెలు. రెండూ కలిపితే 2,66,752. గుణకారాలు 5.2 కోట్లకు దిగాయి. దాదాపు తొమ్మిదో వంతు!

మరి పోయిందేమిటి? మామూలు పద్ధతిలో ప్రతి పాత చానల్‌కూ ప్రతి కొత్త చానల్‌కూ మధ్య ఒక ప్రత్యేకమైన తొమ్మిది గళ్ల నమూనా ఉండేది. అలాంటివి 2.6 లక్షలకు పైగా. ఇప్పుడున్నవి 512 నమూనాలే; కొత్త చానళ్లన్నీ వాటినే పంచుకోవాలి. అంత కోత పెట్టినా నష్టం ఎంతో హోవర్డ్ బృందమే కొలిచింది. వీజీజీ నిర్మాణమే వేరు గనుక దానితో పోలిక అంత న్యాయమైనది కాదు. అందుకే మొబైల్‌నెట్‌నే మామూలు కన్వల్యూషన్లతో కట్టి చూశారు. పారామీటర్లు 2.93 కోట్లు, గుణకారాలు 487 కోట్లు అయ్యాయి, ఫలితం 71.7 శాతం. విడదీసిన రూపానికి 57 కోట్ల గుణకారాలే చాలాయి. తేడా ఒక్క శాతం పైచిలుకు.

ఈ ఆలోచన వాళ్లతో మొదలైంది కాదు. 2013లో గూగుల్ బ్రెయిన్‌లో ఇంటర్న్‌గా ఉన్న లారెంట్ సిఫ్రే దీన్ని రూపొందించాడు.

గుణకారాలు తొమ్మిదో వంతయితే వేగం తొమ్మిది రెట్లవుతుందనుకోవడం మాత్రం తొందరపాటే. మొబైల్‌నెట్ గుణకారాల్లో డెప్త్‌వైజ్ వాటా 3 శాతమే, అయినా సమయంలో దాని వాటా అంతకంటే ఎక్కువే కావచ్చు. మెమరీ నుంచి తెచ్చిన ఒక అంకె పాయింట్‌వైజ్‌లో 512 సార్లు పనికొస్తుంది. డెప్త్‌వైజ్‌లోనైతే మహా అయితే తొమ్మిది సార్లు. చిప్ లెక్క చకచకా ముగించి, తరవాతి అంకె కోసం ఎదురుచూస్తూ కూర్చుంటుంది. అందువల్ల కాగితం మీది లెక్కను నమ్మకుండా అసలు ఫోన్‌లోనే మిల్లీసెకన్లు కొలవాలి.

ఇంకో చిక్కు అంకెలను 8 బిట్లకు కుదించినప్పుడు బయటపడుతుంది. డెప్త్‌వైజ్ ఫిల్టర్లలో ఒకదాని అంకెలు 100 దాకా ఉంటే, ఇంకోదానివి 0.3 దాటకపోవచ్చు. అన్నిటికీ ఒకే కొలబద్ద వాడితే దాని మీద ఒక్కో గీత విలువ దాదాపు 0.8 అవుతుంది. చిన్న ఫిల్టర్‌లోని అంకెలన్నీ సున్నాకు పడిపోతాయి, ఆ చానల్ చచ్చిపోతుంది. కంప్యూటర్‌లో చక్కగా పనిచేసిన మోడల్ కుదించగానే తలాతోకా లేని జవాబులిస్తుంటే ముందు అనుమానించాల్సింది దీన్నే. విరుగుడు ప్రతి చానల్‌కూ వేరే కొలబద్ద ఇవ్వడం. ఫోన్లలో మోడళ్లను నడిపే టెన్సర్‌ఫ్లో లైట్ తన 8 బిట్ల పద్ధతిలో కన్వల్యూషన్ ఫిల్టర్లకు చేసేది ఇదే.