చిన్న పంపును తిప్పి పెద్ద పంపు లెక్క తేల్చడం

కరీంనగర్ జిల్లా లక్ష్మీపూర్ దగ్గర కాళేశ్వరం కోసం భూగర్భంలో కట్టిన పంపుహౌస్‌లో ఒక్కో మోటారు 139 మెగావాట్లది. ఇంత పెద్ద పంపును ఫ్యాక్టరీలో నీళ్లు పెట్టి తిప్పి చూశాకే పంపిద్దామంటే కుదరదు. అంత కరెంటు, అన్ని నీళ్లు ఏ వర్క్‌షాపులో దొరుకుతాయి? అందుకే భారీ పంపులకు ముందు ఒక చిన్న నమూనా చేసి పరీక్షిస్తారు. అచ్చం పెద్దదాని ఆకారమే, కొలతలు మాత్రం చిన్నవి. మరి చిన్నదాని మీద వచ్చిన అంకె పెద్దదానికి ఎలా చెల్లుతుంది?

దీనికి జవాబు ఇంటర్ ఫిజిక్స్ మొదటి పాఠాల్లో వచ్చే మితుల్లో ఉంది. పంపు పనితీరుతో సంబంధమున్నవన్నీ ముందు రాసుకుందాం. సెకనుకు తోడే నీరు Q, కిలో నీటికి అందే శక్తి gH (ఇందులో H నీరు ఎక్కే ఎత్తు), ఇంపెల్లర్ వ్యాసం D, అది తిరిగే వేగం N, నీటి సాంద్రత ρ, స్నిగ్ధత μ. మొత్తం ఆరు. వీటిలో దాగిన మూల మితులు మూడే: పొడవు, ద్రవ్యరాశి, కాలం. ఆరులోంచి మూడు తీసేస్తే మిగిలే మూడు సంఖ్యలతోనే పంపు స్వభావమంతా చెప్పొచ్చని పై సిద్ధాంతం అంటుంది. అమెరికా ప్రమాణాల బ్యూరోలో పనిచేసిన ఎడ్గర్ బకింగ్‌హామ్ 1914లో రాసిన వ్యాసంతో దీనికి పేరొచ్చింది.

ఆ సంఖ్యలను కట్టడం కష్టమేమీ కాదు. Q ప్రమాణం సెకనుకు ఘనమీటర్లు. ND³ ప్రమాణమూ అదే. ఒకదాన్ని రెండోదానితో భాగిస్తే ప్రమాణాలు కొట్టుకుపోయి Q/ND³ అనే వట్టి సంఖ్య మిగులుతుంది. అలాగే gH/N²D² వస్తుంది. మూడోది ρND²/μ, అంటే రెనాల్డ్స్ సంఖ్య. ఈ మూడూ నమూనాలోనూ అసలు పంపులోనూ సమానమైతే రెండింటి లోపలా నీరు ఒకే తీరున ప్రవహిస్తుంది.

గుండు అంకెలతో ఒక పంపును ఊహించుకుందాం. ఇంపెల్లర్ 4 మీటర్లు, వేగం నిమిషానికి 200 చుట్లు. సెకనుకు 60 ఘనమీటర్లను 90 మీటర్ల ఎత్తుకు తోడుతుంది. దాని నమూనా పదో వంతు, అంటే 40 సెంటీమీటర్ల ఇంపెల్లర్. దాన్ని 1000 చుట్లతో తిప్పుతాం. వేగం 5 రెట్లు, వ్యాసం పదో వంతు కాబట్టి మొదటి సంఖ్య ప్రకారం నమూనా తోడాల్సింది సెకనుకు 300 లీటర్లు. రెండో సంఖ్య ప్రకారం ఎత్తు 22.5 మీటర్లు. నీటికి అందే శక్తి అసలు పంపులో సుమారు 53 మెగావాట్లయితే నమూనాలో 66 కిలోవాట్లే. ఇది ల్యాబులో హాయిగా జరిగే పని.

చిక్కంతా మూడో సంఖ్యతోనే. పైన చెప్పిన నమూనాలో రెనాల్డ్స్ సంఖ్య అసలుదానిలో ఇరవయ్యో వంతే. దాన్ని సమానం చేయాలంటే నమూనాను 20,000 చుట్లతో తిప్పాలి. అప్పుడు ఎత్తు 9,000 మీటర్లవుతుంది, కావాల్సిన శక్తి అసలు పంపుకు పదింతలు! కాబట్టి ఇంజనీర్లు ఆ సంఖ్యను తెలిసే వదిలేస్తారు. ప్రవాహం ఎలాగూ బాగా కల్లోలంగా ఉంటుంది కనుక ఎత్తు, నీటి లెక్కలు పెద్దగా చెదరవు. దక్షత మాత్రం మారుతుంది. చిన్న పంపులో గోడల రాపిడి వాటా ఎక్కువ కావడంతో నమూనా కాస్త తక్కువ దక్షత చూపిస్తుంది. దాన్ని సరిదిద్దే సూత్రాలున్నాయి. టర్బైన్ల కోసం పుట్టిన పాత మూడీ సూత్రాన్నే వాడితే నమూనాలోని 91 శాతం అసలు పంపులో 94 దాటుతుంది. నష్టాలన్నీ సైజుతో తగ్గుతాయని ఆ సూత్రం అనుకుంటుంది. నిజానికి రాపిడి నష్టాలే అలా తగ్గుతాయి. అందుకే ఇప్పటి అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 60193 ఆ నష్టాలను విడదీసి లెక్కగడుతుంది. ఈ దిద్దుబాటు విషయంలో అమ్మేవాడు ఉదారంగా, కొనేవాడు పిసినారిగా ఉండటం సహజం. ఏ సూత్రం వాడాలో ఒప్పందంలోనే రాసుకోవడం మేలు.

ఇంకో లోపం సిద్ధాంతంలో కాదు, మన జాబితాలో ఉంది. రాయడం మరిచిన రాశిని పై సిద్ధాంతం గుర్తుచేయదు. నీటి ఆవిరి పీడనాన్ని మనం రాయలేదు. ఇంపెల్లర్ రెక్కల దగ్గర పీడనం ఆ హద్దుకు పడిపోతే నీరు బుడగలుగా మరుగుతుంది. ఆ బుడగలు పగిలేటప్పుడు లోహం పెచ్చులూడుతుంది. కావిటేషన్ అంటే ఇదే. పీడనం ఆ హద్దుకు ఎంత పైన ఉందో మీటర్లలో కొలిచి, దాన్ని H తో భాగిస్తే నాలుగో సంఖ్య వస్తుంది. అసలు పంపుకు అది 0.2 అనుకుందాం, అంటే 18 మీటర్లు. అప్పుడు నమూనాకు ఉండాల్సింది 4.5 మీటర్లే. కానీ పంపు మట్టానికే నీళ్లున్న తెరిచిన తొట్టిలో వాతావరణ పీడనం ఒక్కటే దాదాపు 10 మీటర్లు ఇస్తుంది. అలా పరీక్షిస్తే బుడగలు రావాల్సినచోట కూడా రావు, రిపోర్టు శుభ్రంగా వస్తుంది, నష్టం సైటులో బయటపడుతుంది.

అందుకని నమూనాను మూసిన గొట్టాల వలయంలో పెట్టి, తొట్టి పైభాగంలోని గాలిని వాక్యూమ్ పంపుతో లాగేస్తూ పీడనాన్ని మెట్టుమెట్టుగా దించుతారు. పారదర్శకమైన కిటికీలోంచి స్ట్రోబ్ లైటు వేస్తే తిరిగే రెక్క నిలిచినట్టు కనిపిస్తుంది. మొదటి బుడగలు దాని అంచున తెల్లగా తేలతాయి. అప్పటికి హెడ్ మామూలుగానే ఉంటుంది. ఇంకా దించుతూ పోతే ఒకచోట హెడ్ గ్రాఫు కుప్పకూలుతుంది. సాధారణంగా హెడ్ 3 శాతం తగ్గిన బిందువును నమోదు చేస్తారు. బుడగలు మొదలైన బిందువు దానికి ఎంతో ముందే ఉంటుంది. పంపును ఎంత లోతున కూర్చోబెట్టాలో తేల్చడానికి ఈ రెండు అంకెలూ కావాలి.