పలకరించి పక్కకు తప్పుకోవడం

బట్టల దుకాణంలోకి అడుగు పెట్టీ పెట్టగానే "ఏం చూపించమంటారు మేడమ్?" అని అడిగితే మన నోట వచ్చే జవాబు ఒక్కటే. "ఏం లేదండీ, ఊరికే చూద్దామని." చీర కొనాలనే బయల్దేరినా, డబ్బులు లెక్కపెట్టి పర్సులో పెట్టుకొచ్చినా అదే జవాబు. అప్పటికింకా ఏది ఎక్కడుందో కూడా చూసుకోలేదు కదా, ఏం అడగాలో ఎలా తెలుస్తుంది? చిక్కేమిటంటే, ఒకసారి "ఊరికే" అనేశాక నిజంగా అడగాల్సింది వచ్చినప్పుడు మళ్ళీ పిలవడానికి మొహమాటమేస్తుంది. పిలవనక్కర్లేకుండా ఆ అమ్మాయి మన వెనకాలే నడుస్తూ ఉంటే, మొహమాటం కాస్తా ఇబ్బందిగా మారుతుంది. ధర చీటీ తిప్పి చూడాలన్నా ఎవరో చూస్తున్నట్టే ఉంటుంది. రెండు నిమిషాల్లో బయటికి వచ్చేస్తాం.

ఈ ఇబ్బంది లేకుండా చెయ్యడం నేర్పించవచ్చని నేను కళ్ళారా చూశాను. గుంటూరు జిల్లాలో ఒక రెండంతస్తుల బట్టల దుకాణంలో దసరాకి నెల ముందు కొత్తగా చేరిన తొమ్మిదిమందికి మూడు రోజులపాటు, పొద్దున షట్టర్ తీసేలోపు, పని నేర్పారు. నేర్పింది ఇరవయ్యేళ్ళకు పైగా కౌంటర్లోనే పనిచేసిన ఒకావిడ. అందరూ ఆవిణ్ణి అక్కా అనే పిలిచారు. నేను ఒక మూల స్టూలు వేసుకుని కూర్చున్నాను.

అక్క మొదట చేసిన పని సుద్దముక్కతో నేలమీద గీత గీయడం. గుమ్మం నుంచి లోపలికి నాలుగైదు అంగల దూరంలో గీసింది. "ఈ గీత దాటేదాకా ఎవర్నీ పలకరించొద్దు. కళ్ళు కలిస్తే నవ్వండి, చాలు" అంది. కారణం కూడా చెప్పింది. ఎండలోంచి వచ్చినవాళ్ళకి కళ్ళు కుదురుకోవాలి. సంచీ ఇచ్చి టోకెన్ తీసుకోవాలి. పిల్లాడి చెయ్యి పట్టుకోవాలి, ఫోన్లో మాట ముగించాలి. ఆ కాసేపట్లో మనం ఏమన్నా వాళ్ళ చెవికి ఎక్కదు. దుకాణాల్లో జనం ఎలా నడుస్తారో, ఎక్కడ ఆగుతారో ఏళ్ళ తరబడి గమనించిన అమెరికన్ పాకో అండర్‌హిల్ కూడా 1999లో వచ్చిన తన పుస్తకంలో ఇదే రాశాడు. గుమ్మం దాటిన మొదటి కొన్ని అడుగుల్లో పెట్టిన సరుకు గానీ, చెప్పిన మాట గానీ మనిషికి ఆనవని అతని మాట. అక్క ఆ పుస్తకం చదివి ఉండదు. గుమ్మం దగ్గర నిలబడి తెలుసుకుంది.

గుమ్మంలోనే పలకరించే పద్ధతికి పెద్ద పేరు తెచ్చింది వాల్‌మార్ట్. 1980లో లూసియానా రాష్ట్రంలో క్రౌలీ అనే ఊరి దుకాణంలో ఒక పెద్దాయన్ని తలుపు దగ్గర నిలబెడితే, అది చూసి ముచ్చటపడిన శామ్ వాల్టన్ అన్ని దుకాణాల్లోనూ పెట్టించాడు. దొంగతనాలు తగ్గించడం కూడా అక్కడ ఉద్దేశమే. ఉద్యోగులకు ఆయన పెట్టిన పది అడుగుల నియమం కూడా ప్రసిద్ధం. కొనేవాళ్ళు పది అడుగుల దూరంలోకి వస్తే కళ్ళలోకి చూడాలి, పలకరించాలి, సాయం కావాలా అని అడగాలి. మొదటి రెండూ మన దుకాణాలకీ అతుకుతాయి. మూడోదే తంటా. అడగాలి నిజమే, కానీ ఆ క్షణంలో కాదు. అక్క మూడు రోజులూ నేర్పింది ఆ మూడోదాన్ని ఎలా వాయిదా వెయ్యాలన్నదే.

ఆవిడ నేర్పిన పలకరింపులో ప్రశ్న లేదు. "రండమ్మా, రండి. పట్టు పైన, కాటన్ చీరలు ఇటువైపు. చూస్తూ ఉండండి, నేను ఆ రాక్ దగ్గరుంటాను." అంతే. ప్రశ్న లేదు కాబట్టి "ఊరికే" అనాల్సిన అవసరం రాదు. ఏది ఎక్కడుందో తెలిసింది కాబట్టి బిక్కమొహం వేసుకుని తిరగనక్కర్లేదు. అన్నిటికంటే ముఖ్యం ఆ చివరి ముక్క. తాను ఎక్కడ దొరుకుతుందో చెప్పింది కాబట్టి ఆమె వెళ్ళిపోయినా వదిలేసినట్టు అనిపించదు.

ఆ తర్వాత నిజంగా వెళ్ళిపోవాలి. చాలామందికి కష్టమైంది ఇక్కడే. పద్దెనిమిదేళ్ళ అమ్మాయి ఒకతె మాటలన్నీ చక్కగా చెప్పి, పెద్దల ముందునుంచి తప్పుకున్నట్టు వెనక్కి వెనక్కి నడిచింది. చూపు మాత్రం ఎదుటి మనిషి మీదే ఉంది. అక్క ఆపింది. "అలా వెళ్తే ఇంకా కనిపెట్టుకునే ఉన్నావనుకుంటారు తల్లీ. తిరిగి వెళ్ళు. వీపు కనపడాలి." ఆ పిల్లకి వీపు చూపించడం మర్యాద తక్కువనిపించింది. ఆరేడుసార్లు చేయించాక నడక కుదిరింది.

చేతులకి పనుండాలన్నది తర్వాతి పాఠం. చేతులు కట్టుకుని నిలబడితే కాపలా కాస్తున్నట్టుంటుంది, మనల్ని దొంగలనుకుంటున్నారేమో అని వచ్చినవాళ్ళకి గుచ్చుకుంటుంది. అందుకని మడతలు సరిచెయ్యడం, హ్యాంగర్లు సైజువారీగా సర్దడం లాంటి పని పెట్టుకోవాలి. ఆ పని వాళ్ళు చూస్తున్న రాక్ దగ్గర మాత్రం చెయ్యకూడదు. ఒకబ్బాయి, ఆమె తీసి పెట్టిన చుడీదార్‌ని అప్పుడే మడతపెట్టి యథాస్థానంలో పెట్టేశాడు. "చేత్తో పట్టుకుంది వదిలేసిందని నీకెలా తెలుసు?" అని అక్క అడిగింది. రెండు రాక్‌లు అవతల, ఓరగా నిలబడి, కంటి కొసతో చూస్తే చాలని చూపించింది.

మళ్ళీ దగ్గరికి ఎప్పుడు వెళ్ళాలి? దుకాణం తెరిచాక ఇది ప్రత్యక్షంగా చూశాను. తల్లీ కూతుళ్ళు వచ్చారు. వెనక్కి నడిచిన అమ్మాయే పలకరించి, కాటన్ వైపు చూపించి, తన రాక్ దగ్గరికి వెళ్ళింది. తల్లి ఒక మంగళగిరి చీర తడిమి వదిలేసింది. అటు తిరిగింది. కాసేపటికి మళ్ళీ అదే చీర దగ్గరికొచ్చి, అంచు తిరగేసి చూసి, ధర చదివి, తలెత్తి అటూ ఇటూ చూసింది. వదిలిన చీర దగ్గరికి తిరిగి రావడం ఒక గుర్తు. తలెత్తి చూడటం అసలు గుర్తు. అమ్మాయి వెనకనుంచి కాకుండా ఎదురుగా కనపడేలా నడిచొచ్చి, "అమ్మా, అదే రంగు నిజాం బార్డర్‌తో కూడా ఉంది. తీసుకురానా, ఇదే చూస్తారా?" అంది. చీర గురించి చెప్పింది. మీకు చాలా బాగుంటుందని గానీ, ఇది లాస్ట్ పీస్ అని గానీ అనలేదు. ఆ రెండు మాటలూ అక్క నిషేధించినవి. మొదటిది ఎవరూ నమ్మరు, రెండోది నిజం కాకపోతే మళ్ళీ గుమ్మం తొక్కరు.

చీరల దుకాణంలో ఒత్తిడి మాటల్లోనే ఉండదు. పరుపుల మీద కూర్చోబెట్టి ముందు ఇరవై చీరలు విప్పి గుట్టపోస్తే, ఇన్ని విప్పించాం, కొనకుండా ఎలా లేస్తామని మనకే అనిపిస్తుంది. చాలామంది ఆ గుట్టకి లొంగి నచ్చనిది కొనుక్కుని ఇంటికెళ్ళి బాధపడతారు. అక్క పద్ధతి వేరు. ఐదారు విప్పగానే ఆగాలి, వద్దన్నవి వెంటనే మడతపెట్టి తీసేయాలి, బాగుందన్న రెండు మూడు మాత్రమే ముందుండాలి. నచ్చకపోతే పర్లేదని ఒకసారి అనాలి, పదిసార్లు అనకూడదు. పొద్దున్నే వచ్చినవాళ్ళ దగ్గర "బోణీ" అన్న మాటే ఎత్తొద్దంది. ఆ మాట విన్నాక వట్టి చేతులతో వెళ్ళాలంటే మన తెలుగువాళ్ళకి మనసొప్పదు. అది తెలిసి వాడటం అన్యాయమని ఆవిడ గట్టిగా నమ్ముతుంది. నేనూ నమ్ముతాను.

ఇదంతా పిల్లల చేతిలోనే లేదు. కదలని పాత సరుకు మీద చీరకింతని ఇన్సెంటివ్ పెడితే, ఆ అమ్మాయి కొనేవాళ్ళ వెంట పడక ఏం చేస్తుంది? దూరంగా నిలబడ్డందుకు సూపర్‌వైజర్ "ఖాళీగా ఉన్నావేం?" అని గదిమితే మళ్ళీ వెనకాలే నడుస్తుంది. అందుకే అక్క ముందు యజమానితో మాట్లాడి, ఇన్సెంటివ్ మనిషికి కాకుండా సెక్షన్ మొత్తానికి కలిపి పంచేలా ఒప్పించింది. అప్పుడుగానీ ఒకే మనిషిని నలుగురు పలకరించడం తగ్గలేదు. ఎవరు ముందు పలకరిస్తే వాళ్ళదే బాధ్యత. మిగతావాళ్ళు తలూపి తమ పని చూసుకుంటారు.

సాయంత్రానికి నవ్వు ఎండిపోవడం ఇంకో సంగతి. పన్నెండు గంటలు నిలబడ్డ కాళ్ళతో ఎవరూ మనస్ఫూర్తిగా "రండమ్మా" అనలేరు. కేరళలో బట్టల దుకాణాల ఆడవాళ్ళు పోరాడాక 2018లో, తమిళనాడులో 2021లో, దుకాణాల్లో పనిచేసేవాళ్ళకి కూర్చునే వీలు కల్పించాలని చట్టాలు సవరించారు. ఈ దుకాణంలో గంటకొకరు చొప్పున గుమ్మం దగ్గర మారేవారు, మారినవాళ్ళకి స్టూలు ఉండేది.

అన్ని వేళలా ఈ పద్ధతి సాగదు. పండగ రద్దీలో జనం వచ్చేదే త్వరగా తేల్చుకోవాలని. అప్పుడు ఏం కావాలో సూటిగా అడగడమే మేలు. పెద్దవయసువాళ్ళు రాగానే పరుపు మీద కూర్చుంటే, వాళ్ళు చూపించమని వచ్చారన్నమాట. అక్కడ పక్కకు తప్పుకుంటే పట్టించుకోలేదని నొచ్చుకుంటారు. ఒక పెద్దాయన అలాగే కోప్పడి లేచారు కూడా. అక్క తప్పు తనదేనని ఒప్పుకుని, ఆ సంగతి మర్నాడు అందరికీ చెప్పింది.

ఫలితం తెలుసుకోవడానికి ఆవిడ బిల్లులు లెక్కపెట్టలేదు. ఎంతమంది తమంతట తాము రాక్ దగ్గరికి వచ్చి అడిగారో ఒక చిన్న పుస్తకంలో గీతలు పెట్టమంది. మొదటి వారం ఆ పద్దెనిమిదేళ్ళ అమ్మాయి పేజీలో గీతలు పెద్దగా లేవు. తర్వాతి శనివారం నేను వెళ్ళేసరికి ఆ పిల్ల తలొంచుకుని లంగాఓణీ సెట్లు సర్దుతోంది. ఒకావిడ చేతిలో రెండు బ్లౌజు ముక్కలు పట్టుకుని సరాసరి అక్కడికే నడిచొచ్చింది. "అమ్మాయ్, ఇక్కడుంటానన్నావుగా. వీటిల్లో ఏది రంగు పోదో చెప్పు."

పిల్ల చేతిలోని మడత పక్కన పెట్టి, ముందు ఆ రెండు ముక్కల్నీ వెలుతురులోకి తీసుకెళ్ళింది.