వాలు చూసి అడుగు, వంపు గుర్తుంచుకుని పరుగు

1950ల మధ్యలో అమెరికాలోని ఆర్గాన్ నేషనల్ లేబొరేటరీలో విలియం డేవిడన్ అనే భౌతిక శాస్త్రవేత్త ఒక పెద్ద లెక్క పెట్టుకున్నాడు. ఒక ప్రమేయం విలువ ఎక్కడ అతి తక్కువ అవుతుందో కంప్యూటర్ చేత వెతికించాలి. ఆయన వాడిన పద్ధతి ఒక్కో చలరాశిని విడివిడిగా సవరించుకుంటూ పోయేది. అది నత్తనడక. ఆనాటి యంత్రాలు అంత సేపు నిలబడేవి కావు. లెక్క తేలకముందే కంప్యూటర్ ఆగిపోయేది. మళ్లీ మొదలుపెడితే మళ్లీ అదే కథ. విసిగిపోయిన డేవిడన్, యంత్రం ఆగేలోపే జవాబు వచ్చేంత వేగమైన పద్ధతిని వెతకడం మొదలుపెట్టాడు.

అది దొరికింది. 1959లో ప్రయోగశాల నివేదికగా రాశాడు. పత్రికలో మాత్రం అచ్చు కాలేదు. చివరికి 1991లో సియామ్ జర్నల్ ఆన్ ఆప్టిమైజేషన్ తొలి సంచికలో వచ్చింది. ఆ మధ్య 32 ఏళ్లలో లోకం ఆ ఆలోచన మీద చాలా దూరం నడిచేసింది. 1963లో ఫ్లెచర్, పావెల్ దాన్ని చక్కదిద్దారు. 1970లో బ్రాయిడెన్, ఫ్లెచర్, గోల్డ్‌ఫార్బ్, షానో అనే నలుగురు ఎవరికి వారుగా ఒకే సూత్రానికి చేరుకున్నారు. ఆ నలుగురి పేర్లలోని తొలి అక్షరాలే బీఎఫ్‌జీఎస్.

ఆ సూత్రం ఎందుకంత వేగంగా పోతుందో తెలియాలంటే ముందు ఒక లోయలోకి దిగాలి. 1960లో రోసెన్‌బ్రాక్ పరీక్ష కోసం ఒక ప్రమేయాన్ని ఇచ్చాడు.

```
f(x, y) = 100(y − x²)² + (1 − x)²
```

దీని ఆకారం అరటిపండులా వంగిన లోయ. గోడలు నిటారుగా ఉంటాయి, అడుగుభాగం దాదాపు చదునుగా ఉంటుంది. కనిష్ఠ బిందువు (1, 1), అక్కడ విలువ సున్నా. ఆనవాయితీగా (−1.2, 1) నుంచి బయలుదేరతారు. అక్కడ విలువ 24.2. ఆ చోట నిటారుగా కిందికి దించే దిశ (215.6, 88). ఆ దిశలో పూర్తి అడుగు వేస్తే లోయ దాటి ఎక్కడో పడతాం, విలువ ఇరవై వేల కోట్లు దాటుతుంది. కాబట్టి అడుగును సగం చేసి చూడాలి, చాలకపోతే మళ్లీ సగం. ఇలా పదిసార్లు సగం చేశాక, అసలు అడుగులో 1024వ వంతు దగ్గర విలువ 5.1కి దిగుతుంది. దానికి ముందు ప్రయత్నం, అంటే 512వ వంతు, 35 దగ్గర నిలిచింది. కాబట్టి అది పనికిరాదు.

అడుగు పెద్దదైతే వెనక్కి తగ్గుతూ రావడమే బ్యాక్‌ట్రాకింగ్. అయితే ఎక్కడ ఆగాలి? విలువ కాస్త తగ్గితే చాలనుకోవచ్చా? చాలదు. అది ఎందుకు చాలదో చూపడానికి x² అనే అతి సాధారణ ప్రమేయం సరిపోతుంది.

2 దగ్గర మొదలుపెట్టి −1.5కి, అక్కడి నుంచి 1.25కి, ఆ తర్వాత −1.125కి దూకుతున్నామనుకుందాం. విలువ 4, 2.25, 1.56, 1.27 అంటూ ప్రతిసారీ తగ్గుతూనే ఉంది. కానీ ఈ దూకుళ్లు +1, −1ల మధ్య ఊగుతూ ఉండిపోతాయి, విలువ 1 కన్నా కిందికి ఎన్నటికీ దిగదు. కనిష్ఠం ఉన్న సున్నాను ప్రతి దూకుడులోనూ దాటేస్తున్నాం. తగ్గుతోంది కదా అని నమ్మి కూర్చుంటే జీవితకాలం ఇలాగే గడిచిపోతుంది.

1966లో లారీ ఆర్మిహో పసిఫిక్ జర్నల్ ఆఫ్ మ్యాథమెటిక్స్‌లో రాసిన వ్యాసం దీనికి విరుగుడు చూపింది. నిలబడిన చోటి వాలును చూస్తే, ఈ అడుగుకు విలువ ఇంత తగ్గాలని ఒక అంచనా వస్తుంది. నిజంగా తగ్గింది ఆ అంచనాలో కనీసం ఒక చిన్న వంతైనా ఉండాలి. లేకపోతే ఆ అడుగు చెల్లదు, కుదించి మళ్లీ చూడాలి. ఆ వంతును c అంటారు, ఎక్కువ మంది 0.0001 పెట్టుకుంటారు. α అడుగు పొడవు, d దిశ, g వాలు అయితే నియమం ఇదీ:

```
f(x + αd) ≤ f(x) + c·α·(g·d)
```

పై ఊగిసలాటకు ఈ కొలబద్ద పెట్టి చూస్తే విషయం తేటపడుతుంది. మొదటి దూకుడులో వాలు 4, అడుగు 3.5, కనుక అంచనా 14. నిజంగా తగ్గింది 1.75, అంటే ఎనిమిదో వంతు. రెండో దూకుడులో పన్నెండో వంతు, మూడోదాంట్లో ఇరవయ్యో వంతు. ఆ వంతు ఇలా కరిగిపోతూ పదమూడో దూకుడుకి 0.0001 కన్నా కిందికి పడుతుంది. అప్పుడు నియమం అడ్డుపడుతుంది, అడుగు సగమవుతుంది, ఆ సగం అడుగు తిన్నగా సున్నాకు 0.00006 దూరంలో దింపుతుంది.

అదే x² మీద సరిగ్గా సున్నాకే చేర్చే అడుగు వేస్తే, తగ్గేది అంచనాలో సరిగ్గా సగం. ఈ సగాన్ని గుర్తుంచుకోవాలి, దీనితో మళ్లీ పని పడుతుంది.

ఆర్మిహో నియమం తప్పటడుగును ఆపుతుంది గాని పరుగు నేర్పదు. నిటారు దిశలోనే దిగుతూ రోసెన్‌బ్రాక్ లోయలో పోతే ఈ గోడకూ ఆ గోడకూ మధ్య మెలికలు తిరగడమే మిగులుతుంది. నోసెడాల్, రైట్ తమ పాఠ్యపుస్తకంలో లెక్క చూపించారు. గ్రేడియెంట్ పొడవు 0.00001కి దిగేదాకా నిటారు దిశ పద్ధతికి 5264 అడుగులు పట్టాయి, బీఎఫ్‌జీఎస్‌కి 34. చివరి అడుగులు ఇంకా బాగా మాట్లాడతాయి. గమ్యానికి ఉన్న దూరం మొదటి పద్ధతిలో 0.0001824 నుంచి 0.0001823కి వచ్చింది. బీఎఫ్‌జీఎస్‌లో 0.000134 నుంచి ఒక్క అడుగులో 0.00000101కి దిగింది.

ఈ తేడా ఎక్కడిది? వాలు ఎటు దిగాలో చెబుతుంది, ఎంత దూరం దిగాలో చెప్పదు. దూరం చెప్పేది వంపు, అంటే వాలు ఎంత త్వరగా మారుతోందన్న లెక్క. న్యూటన్ పద్ధతి ఆ వంపును రెండో అవకలనాలతో నేరుగా కడుతుంది, అది ఖరీదైన పని. బీఎఫ్‌జీఎస్ నడిచిన దారినే అడుగుతుంది: ఇంత దూరం వచ్చాం, ఈలోగా వాలు ఇంత మారింది, కనుక ఈ దిశలో వంపు ఇంత. ప్రతి అడుగు తర్వాతా తన దగ్గరున్న వంపు పట్టికను ఆ కొత్త కొలతకు సరిపడేలా దిద్దుకుంటుంది.

ఒకే చలరాశి ఉంటే ఈ పద్ధతి పూర్తి అడుగులతో పాత ఛేదకరేఖ పద్ధతే అవుతుంది. eˣ − 2x అనే ప్రమేయాన్ని తీసుకుందాం. కనిష్ఠం x = 0.693147 దగ్గర ఉంది, అక్కడ అసలు వంపు 2. మొదటి రెండు బిందువులుగా 0, 1 తీసుకుంటే ఆ మధ్య వాలు −1 నుంచి 0.718కి మారింది, కనుక వంపు అంచనా 1.72. దాన్ని నమ్మి వేసిన అడుగు 0.582 దగ్గర దింపుతుంది. తర్వాతి అంచనాలు 2.22, 1.88, 1.985. అంటే నడిచే కొద్దీ అంచనా అసలు వంపు దగ్గరికి చేరుతోంది. గమ్యానికి దూరం వరుసగా ఇలా పడిపోతుంది:

```
0.11   0.016   0.00093   0.0000077   0.0000000036
```

ఒక్కో దూరాన్ని దాని ముందు దూరంతో భాగిస్తే సుమారు 0.15, 0.057, 0.008, 0.0005 వస్తాయి. మామూలు పద్ధతిలో ఈ నిష్పత్తి స్థిరంగా ఉంటుంది, ప్రతి అడుగూ ఒకే వంతు తగ్గిస్తుంది. ఇక్కడ నిష్పత్తే సున్నా వైపు జారుతోంది. గణితవేత్తలు సూపర్‌లీనియర్ అభిసరణం అనేది దీన్నే.

చలరాశులు అనేకం ఉన్నప్పుడు వంపు ఒక సంఖ్య కాదు, ఒక పట్టిక. ఆ పట్టిక మొత్తం నిజమైన దానికి చేరాలా అన్న ప్రశ్న చాలాకాలం వేధించింది. 1974లో డెన్నిస్, మోరే తేల్చిన ఫలితం అద్భుతం: అక్కర్లేదు. వేస్తున్న అడుగు దిశలో మాత్రం వంపు అంచనా సరైనదానికి చేరితే చాలు. నడవని దిశల్లో పట్టిక తప్పుల తడకైనా వేగానికి లోటు రాదు. బీఎఫ్‌జీఎస్ కొలిచేది నడిచిన దిశలోనే కనుక, కావలసిన చోటే దానికి జ్ఞానం పోగవుతుంది.

ఇక్కడ ఒక షరతు ఉంది. ఆ వేగం రావాలంటే చివర్లో పూర్తి అడుగు, అంటే α = 1, చెల్లాలి. ప్రతి అడుగునూ సగం చేస్తూ కూర్చుంటే దూరం సుమారు సగమే తగ్గుతుంది, పరుగు పోయి నడక మిగులుతుంది. అందుకే బ్యాక్‌ట్రాకింగ్ ఎప్పుడూ 1తోనే మొదలవ్వాలి. గమ్యం దగ్గర ప్రమేయం x² లాగే ప్రవర్తిస్తుంది, సరైన పూర్తి అడుగు అంచనాలో సుమారు సగం తగ్గిస్తుంది. c సగం కన్నా పెద్దదైతే ఆర్మిహో నియమం ఆ మంచి అడుగునే తిప్పికొడుతుంది. 0.0001 అయితే అది హాయిగా దాటిపోతుంది.

ఈ రెండూ కలిసి పనిచేయడం R భాషలోని `optim`లో చూడవచ్చు. అందులో c విలువ 0.0001, అడుగు చెల్లకపోతే 0.2తో గుణిస్తారు.

```r
fr  <- function(p) 100*(p[2]-p[1]^2)^2 + (1-p[1])^2
grr <- function(p) c(-400*p[1]*(p[2]-p[1]^2) - 2*(1-p[1]),
                     200*(p[2]-p[1]^2))
optim(c(-1.2, 1), fr, grr, method = "BFGS")
```

మామూలుగా ఇది ప్రమేయాన్ని 110 సార్లు, గ్రేడియెంట్‌ను 43 సార్లు లెక్కించి, విలువను సుమారు 10⁻¹⁷ దాకా దించుతుంది. ఆ రెండు సంఖ్యల మధ్య తేడా తిరస్కరించిన అడుగులది.

ఆర్మిహో నియమానికి ఒక లోటు ఉంది. అది విలువనే చూస్తుంది, అడుగు చివర వాలు ఎలా ఉందో చూడదు. గుట్టలా పైకి ఉబ్బిన చోట అడుగు వేస్తే కొలిచిన వంపు రుణసంఖ్య రావచ్చు. దాన్ని పట్టికలో కలిపితే తర్వాతి దిశ పైకి ఎక్కించే ప్రమాదం ఉంది. ఫిలిప్ వుల్ఫ్ 1969లో వాలుకు కూడా ఒక నియమం చేర్చింది దీన్ని తప్పించేలా. `optim` మరో దారి పట్టింది: వంపు ధనసంఖ్య కాకపోతే పట్టికను పారేసి, నిటారు దిశ నుంచి మళ్లీ మొదలుపెడుతుంది.

పరుగుకు హద్దులూ ఉన్నాయి. కనిష్ఠం దగ్గర వంపు సున్నా అయితే ఆ వేగం రాదు. x⁴ మీద ఇదే పద్ధతి ప్రతి అడుగుకూ దూరంలో 0.755 వంతు మిగిల్చుకుంటూ పోతుంది, ఆ నిష్పత్తి ఎంతకీ తగ్గదు. ఇక చలరాశులు లక్ష ఉంటే పట్టికలో వెయ్యి కోట్ల గళ్లు ఉంటాయి. అన్నీ దాచాలంటే 80 గిగాబైట్లు కావాలి.

సొంతంగా ఈ పద్ధతి రాసుకునేవారు ప్రతి అడుగుకూ α విలువను తెరమీద అచ్చు వేయించుకోవాలి. మొదట్లో అది చిన్నదిగా ఉన్నా ఫరవాలేదు. చివరి అడుగుల్లో కూడా 1కి చేరకుండా కుదించుకుపోతూ ఉంటే, ముందుగా అనుమానించాల్సింది గ్రేడియెంట్ రాసిన వరుసనే.