ఎంత మిగిలిందండీ?

భార్యాభర్తల తగాదాల్లో కొన్ని పైకి ఒకేలా వినిపిస్తాయి, వేరు మాత్రం రెండు చోట్ల ఉంటుంది. విజయవాడలో కాపురముంటున్న ఒక జంటను ఊహించుకుందాం. పిల్లాడి ఫీజు కట్టాల్సిన రోజు భార్య అడిగింది: "జీతంలో ఎంత మిగిలిందండీ?" అంతే, ఆయన మొహం మారిపోయింది. "నేనేమన్నా దొంగనా, నీకు లెక్కలు చెప్పడానికి?" అని ఫోన్ మంచం మీదికి విసిరికొట్టాడు.

ఆయన తండ్రి గుంటూరు జిల్లాలో మిర్చి రైతు. పంట అమ్మిన మర్నాడే అప్పులవాళ్లు వచ్చి అరుగు మీద కూర్చునేవారు. "ఎంత మిగిలింది?" అని నలుగురూ వినేలా అడిగేవారు. పదేళ్ల పిల్లాడు తలుపు చాటునుంచి అదంతా విన్నాడు. ఇప్పుడు భార్య అడిగింది ఫీజు గురించే అయినా, ఆయన ఒళ్లు జవాబిచ్చింది ఆ అరుగు మీద మనుషులకి.

నెల తర్వాత మరో గొడవ. తమ్ముడికి భార్య ఇరవై వేలు పంపిందని బ్యాంకు మెసేజీ చూశాక ఆయనకు తెలిసింది. అదే గొంతు, అదే కోపం. ఈసారి ఆమె తేలిగ్గా తీసేసింది: "డబ్బు మాటెత్తితే చాలు, మీకు మావయ్యగారి అప్పులు గుర్తొస్తాయి." మొదటి గొడవకైతే ఈ మాట సరిపోయేదేమో. రెండోదానికి సరిపోదు. ఉమ్మడి డబ్బు చెప్పకుండా పంపితే, ఏ అప్పూ ఎరగని ఇంట్లో పెరిగినవాడైనా నొచ్చుకుంటాడు.

తేడా పట్టుకునే మొదటి ప్రశ్న ఇదే: ఈ పని ఇంకెవరికి చేసినా బాధ కలిగేదేనా? అవునంటే ముందు ఇవాళ్టి పనినే చూసుకోవాలి. రెండోది, అసలు సంగతి తెలిశాక కోపం దిగుతోందా? "ఫీజుకి అడిగానండీ" అని చెప్పినా ఆయన చల్లబడలేదు, ఎందుకంటే ఆ మంట ఫీజుది కాదు. ఇరవై వేల విషయంలో మాత్రం, "చెప్పకుండా పంపడం తప్పే" అని ఒప్పుకుంటే చాలావరకు దిగుతుంది. కోపం ఎంత పెద్దదన్నది ఒక్కటే చూసి తేల్చేయకూడదు. పదిసార్లు ఓర్చుకుని పదకొండోసారి అరిచినవాళ్లది పాతగాయంలాగే కనిపిస్తుంది. లెక్కపెట్టనివాళ్లకి మొదటి పదీ కనిపించవు మరి.

పాతగాయం రేగినప్పుడు వాదన పనిచేయదు. దంపతుల మీద దశాబ్దాలపాటు పరిశోధన చేసిన అమెరికా మనస్తత్వవేత్త జాన్ గాట్‌మన్ చెప్పేదేమిటంటే, తగాదాలో గుండె నిమిషానికి 100 సార్లకు మించి కొట్టుకుంటుంటే అవతలివాళ్ల మాట సరిగా తలకెక్కదు, ఒళ్లు కుదుటపడటానికి కనీసం 20 నిమిషాలు కావాలి. కాబట్టి ఆమె అప్పటికి ఆపేయాలి. అయితే మౌనంగా లేచిపోకూడదు, "అన్నాలు తిన్నాక మాట్లాడుకుందాం" అని చెప్పి మరీ వెళ్లాలి. తర్వాత, "మిమ్మల్ని నిలదీయాలని అడగలేదు, ఇద్దరం కలిసి చూసుకుందామని అడిగాను" అంటే చాలు. చేయని తప్పుకి క్షమాపణ చెప్పక్కర్లేదు. లెక్క అడగడం మానేయనూ అక్కర్లేదు. అడిగే తీరు మార్చుకోవచ్చు: ప్రతి నెలా ఒకటో తేదీన ఇద్దరూ కూర్చుని నోట్‌బుక్కులో ఖర్చులు రాసుకుంటే, హఠాత్తుగా నిలబెట్టి అడిగే అవసరమే రాదు.

ఇక ఆయన వంతు. గాయం పాతదే కావచ్చు, విసిరిన ఫోన్ మాత్రం ఇవాళ్టిది. దానికి ఆయనే క్షమాపణ చెప్పాలి. "అలా అడిగితే నాకు అరుగు మీద వాళ్లు గుర్తొస్తారు" అని విడమరిచి చెప్పాల్సిందీ ఆయనే. ఆ మాట ఆయన నోట వస్తే వివరణ, తగాదా మధ్యలో ఆమె నోట వస్తే ఎత్తిపొడుపు.

ఇవాళ్టి తప్పుకి కావాల్సింది ఓదార్పు కాదు, మార్పు. "చెప్పకుండా పంపాను, తప్పు నాది. ఇకమీద ఐదు వేలు దాటితే మీతో అనుకున్నాకే పంపుతాను." ఇందులో మావయ్యగారి ప్రస్తావన లేదు, ఉండకూడదు కూడా. ఆ మాట నిలబెట్టుకుందో లేదో రెండు మూడు నెలల్లో తేలిపోతుంది. నిజానికి చాలా గొడవల్లో రెండూ కలిసే ఉంటాయి. అలాంటప్పుడు ఇవాళ్టి భాగాన్ని పూర్తిగా ఒప్పుకున్నాకే పాతదాని గురించి అడగాలి. వరస తిరగబడితే, తన తప్పు కప్పిపుచ్చుకోవడానికే గతం తవ్వుతోందని ఆయనకు అనిపిస్తుంది, అందులో అన్యాయమేమీ లేదు.

కొట్టడం, బెదిరించడం, ఫోను లాక్కోవడం, బయటికి పోనివ్వకపోవడం ఈ లెక్కలోకి రావు. చేసినవాడి బాల్యం ఎంత చేదుదైనా అవి ఇవాళ్టి నేరాలే, వాటిని అర్థం చేసుకుంటూ కూర్చోవడం భార్య పని కాదు. అలాంటప్పుడు మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయండి. పాత జ్ఞాపకాలు నిద్రనీ పనినీ చెడగొడుతుంటే టెలీ మానస్ 14416లో తెలుగులోనే ఉచితంగా మాట్లాడవచ్చు.