వరిమడి, కొండ, లోయ: జపాన్ ఇంటిపేర్లకు ఎన్ని చదువులో!

జపాన్‌లో ఎక్కువమందికి ఉన్న పది ఇంటిపేర్లను తీసుకుంటే, వాటిలో ఆరు నేల ఆనవాళ్లే. తనకా అంటే వరిమళ్ల నడుమ. యమమోతో అంటే కొండ మొదలు. కొబయాషి చిన్న అడవి, నకమురా నడిమి ఊరు, తకహాషి ఎత్తు వంతెన, వతనబే రేవు పక్క. ఇలాంటి పేర్లు చాలావరకు ముందు ఊళ్లకూ పొలాలకూ వాగుగట్లకూ ఉన్నవే. మధ్యయుగంలో యోధ కుటుంబాలు తమ ఏలుబడిలోని ఊరి పేరునే ఇంటిపేరుగా పెట్టుకున్నాయి. ఎదో యుగంలో సామాన్యులకు ఇంటిపేరును అధికారికంగా వాడే హక్కు లేదు. ఊరి వ్యవహారాల్లో మాత్రం చాలామంది వాడుకునేవారు. మేజీ ప్రభుత్వం 1870లో ఆ హక్కును అందరికీ ఇచ్చింది. సైన్యంలో చేర్చుకోవలసిన వారి లెక్క తేల్చడానికి 1875లో ఇంటిపేరును తప్పనిసరి చేసింది. అప్పుడు కొత్తగా పేరు ఎంచుకోవలసి వచ్చినవారిలో ఎందరికో ఇంటి ముందున్న మడో, వెనకున్న కొండో పేరయింది.

ఈ పేర్ల అర్థం తేలికే. చిక్కంతా చదవడంలో ఉంది. రాతలో ఒకే రెండు అక్షరాలు ఉన్నా, ఒక ఇంటివారు ఒకలా, పక్కింటివారు ఇంకోలా పలుకుతారు. రెండూ సరైనవే.

దీనికి మూలం లిపి చరిత్రలో ఉంది. జపనీయులు రాతను చైనా నుంచి తెచ్చుకున్నారు. అక్షరంతోపాటు దాని చైనా ఉచ్చారణ కూడా వచ్చింది. ఆ అర్థానికి జపాన్ భాషలో అప్పటికే ఉన్న దేశి మాటనూ అదే అక్షరానికి తగిలించారు. అందుకే కొండను సూచించే అక్షరానికి 'యమ' అనే దేశి చదువు, 'సన్' అనే చైనా చదువు రెండూ ఉన్నాయి. ఫుజి పర్వతాన్ని 'ఫుజిసన్' అనడంలో ఉన్నది ఈ రెండోదే. 'గారు' అనే అర్థంలో మనుషుల పేర్ల చివర వచ్చే 'సన్' వేరు. నేల పేర్లు ఆ నేల మీద బతికినవారి నోటి మాటలు కాబట్టి అవి ఎక్కువగా దేశి చదువులోనే మిగిలాయి. సతో, ఇతో, కతో అనే పేర్ల తీరు వేరు. వాటి చివర ఉన్న 'తో' ఫుజివరా వంశాన్ని గుర్తుచేసే అక్షరం. దాన్ని చైనా పద్ధతిలో చదువుతారు.

అయితే దేశి చదువు ఒక్కటే ఉంటుందనుకోవడానికి లేదు. లోయను సూచించే అక్షరాన్ని చూస్తే ఇది స్పష్టమవుతుంది. పశ్చిమ జపాన్‌లో లోయను 'తాని' అంటారు. తూర్పున, టోక్యో చుట్టుపక్కల కొండల మధ్య పల్లపు నేలకు 'య' లేదా 'యత్సు' అనే మాటలు ఉండేవి. రెండు ప్రాంతాలవారూ తమ మాటను ఒకే అక్షరంతో రాశారు. టోక్యోలో షిబుయ, యొత్సుయ, హిబియ అనే పేట పేర్లన్నిటి చివరా ఉన్నది ఆ లోయే. షిబుయ అని రాసిన అక్షరాలే ఇంటిపేరుగా పశ్చిమాన చాలాచోట్ల 'షిబుతాని' అవుతాయి. కాబట్టి ఈ అక్షరం చదువు కొంతవరకు ఆ కుటుంబం పుట్టిన దిక్కు చెబుతుంది. కొంతవరకే సుమా! బేస్‌బాల్ ఆటగాడు ఓతాని షోహేయి ఈశాన్య జపాన్‌లోని ఇవాతేవాడు. దిక్కును బట్టి ఊహిస్తే ఆ పేరు 'ఓయ' కావాలి.

ఇంకో చిక్కు, రాతలో కనిపించని ఒక చిన్న మాట వల్ల వస్తుంది. ఇనొఉఎ అనే పేరును 'బావి', 'పైన' అనే రెండు అక్షరాలతో రాస్తారు. 'ఇ' బావి, 'ఉఎ' పైన. మధ్యలోని 'నొ' అనే షష్ఠీ ప్రత్యయానికి అక్షరమే లేదు. తెలిసినవాడు కలుపుకొని చదవాలి. అందుకే 'కొండ', 'లోపల' అని రాసిన పేరు కొన్ని ఇళ్లలో యమఉచి, కొన్ని ఇళ్లలో యమనొఉచి. కాలక్రమంలో ధ్వనులు కరిగిపోవడమూ ఉంది. 'నది', 'బయలు' అని రాసే కవనొ కొందరి నోట కౌనొగా, ఆపై కోనొగా మారింది. ఇప్పుడు రెండూ వేర్వేరు ఇంటిపేర్లుగా నిలిచిపోయాయి.

అన్నిటికన్నా ఎక్కువ తడబాటు పెట్టేది పదాలు కలిసినప్పుడు వచ్చే ధ్వని మార్పు. తెలుగులో తల్లి, తండ్రి కలిస్తే తల్లిదండ్రులు అవుతారు. పరుషమైన తకారం సరళమైన దకారంగా మారుతుంది. జపాన్ భాషలోనూ సమాసంలో రెండో మాట తొలి పరుషం ఇలాగే సరళమవుతుంది. వరిమడికి మాట 'తా'. యమతో కలిస్తే యమదా, షిమ అంటే దీవితో కలిస్తే షిమదా, ఇకె అంటే చెరువుతో కలిస్తే ఇకెదా. మరి షిబతా, కుబోతా, నగతా, సుగితాలలో తకారం ఎందుకు మారలేదు? ముందున్న మాటలో అప్పటికే బ, గ వంటి సరళం ఉంటే రెండో మాటను మళ్లీ సరళం చేయకపోవడం ఈ 'తా' పేర్లలో కనిపించే మొగ్గు. దీన్ని గుర్తుపెట్టుకుంటే తెలియని పేర్లు చాలా సరిగ్గానే వస్తాయి. కానీ మొరితా, మురతాలలో సరళం లేకపోయినా తకారం అలాగే ఉంది.

పైగా ఒకే పేరులోనే రెండు పలుకులూ బతికి ఉన్నాయి. 'నడుమ', 'మడి' అని రాసే పేరు ఫుట్‌బాల్ ఆటగాడు హిదెతోషికి నకతా, మరికొందరికి నకదా. 'నడుమ', 'దీవి' అని రాస్తే తూర్పున నకజిమా అనేవారు ఎక్కువ, క్యూషూ దీవిలో నకషిమా అనేవారు ఎక్కువ. యమజకి, యమసకిల తీరూ ఇంచుమించు ఇంతే. పరుషాన్ని అలాగే ఉంచడం పశ్చిమాన ఎక్కువ.

అక్షరాలకూ పలుకుకూ సంబంధమే తెగిపోయిన పేర్లూ ఉన్నాయి. 'తూర్పు', 'సముద్రం', 'అడవి' అని రాసే పేరును యమగతా ప్రాంతంలో ఉన్నదున్నట్టు తోకైరిన్ అంటారు. పక్కనున్న అకితాలో షోజి అంటారు. ఆ ఇంటివారు ఒకప్పుడు భూముల పెత్తనం చూసే 'షోజి' పదవిలో ఉండడంతో, ఇంటిపేరు రాత అలాగే ఉండి పలుకు స్థానంలో పదవి పేరు వచ్చి కూర్చుందని చెబుతారు. 'చంద్రుడు', 'చూడడం', 'పల్లె' అని రాసి యమనాషి అని చదివే అరుదైన పేరు మరీ విచిత్రం. యమనాషి అంటే 'కొండ లేదు'. అడ్డంగా కొండ లేని పల్లెలోనే కదా చంద్రుడు బాగా కనిపించేది! ఇది పేరు కాదు, పొడుపుకథ.

ఇంత గందరగోళం ఉన్నా, కుటుంబ వివరాలు నమోదయ్యే 'కొసెకి' అనే రిజిస్టరులో చాలాకాలం అక్షరాలే ఉండేవి. వాటిని ఎలా పలకాలో ఉండేది కాదు. దరఖాస్తుల్లో పేరు పైన పలుకును కన అక్షరాల్లో రాసే గడి ఉంటుంది. విజిటింగ్ కార్డు వెనక రోమన్ లిపిలోనూ వేస్తారు. చట్టపరంగా మాత్రం పలుకుకు రుజువు ఉండేది కాదు. కంప్యూటర్లలో ఒకే మనిషి నకషిమాగా ఒకచోట, నకజిమాగా ఇంకోచోట నమోదైతే, ఇద్దరూ ఒకరేనని తేల్చడం కష్టమవుతుంది.

చట్టాన్ని సవరించి, 2025 మే 26 నుంచి పలుకును కూడా కొసెకిలో చేర్చడం మొదలుపెట్టారు. తాము నమోదు చేయబోయే పలుకును స్థానిక కార్యాలయాలు ఇంటింటికీ నోటీసుగా పంపాయి. తప్పుంటే చెప్పడానికి ఏడాది గడువు పెట్టారు. చెప్పకపోతే నోటీసులో ఉన్నదే నమోదవుతుంది. సాధారణంగా వాడుకలో లేని పలుకును నమోదు చేయించుకోవాలంటే, ఆ కుటుంబం దాన్నే నిజంగా వాడుతున్నట్టు పాస్‌పోర్టో బ్యాంకు పాస్‌బుక్కో చూపించాలి.