తెల్లజుట్టు పచ్చబడితే

తల ముగ్గుబుట్టయిందని దిగులుపడని వాళ్లు కూడా, ఆ తెలుపు పసుపు తిరిగితే మాత్రం అద్దం ముందు ఆగిపోతారు. వెంటనే ఏదో ఒక షాంపూ కొంటారు. అంతకన్నా ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది: ఆ పసుపు వెంట్రుక మీద ఉందా, లోపల ఉందా?

నల్లజుట్టులోని మెలనిన్ ఎండలోని అతినీలలోహిత కిరణాలను చాలావరకు పీల్చుకుంటుంది. నెరిసిన వెంట్రుకకు ఆ కాపలా లేదు. ఎండ నేరుగా కెరటిన్‌కే తగిలి, అందులోని ట్రిప్టోఫాన్ వంటి అమైనో ఆమ్లాలు విరిగి పసుపురంగు పదార్థాలుగా మారతాయి. ఇది లోపలి పసుపు, కడిగితే పోదు. మితిమీరిన వేడితో జుట్టును ఇస్త్రీ చేసినా ఇలాంటి మార్పే వస్తుంది. బీడీ, సిగరెట్ల పొగలోని తారు, రంగు కలిపిన తలనూనె, బోరు నీళ్లలోని ఇనుము మాత్రం వెంట్రుకకు పట్టుకునే మరకలు. చుట్ట కాల్చే పెద్దల తెల్లమీసం మధ్యలోనే పచ్చబడేది అందుకే.

రోజూ ఆకుపచ్చని ఉసిరినూనె రాసుకుని, ఎండలో జుట్టు ఆరబెట్టుకునే ఒక పెద్దావిడ ఉన్నారనుకుందాం. మెడ దగ్గర లోపలి పాయ తీసి, నడినెత్తి మీది పాయతో పోల్చి చూడాలి. లోపలిది తెల్లగా ఉండి పైది పచ్చగా ఉంటే ఎండను అనుమానించాలి. రెండూ ఒకేలా ఉంటే నూనెనో, నీళ్లనో. ఇక్కడ రెండూ పచ్చగానే ఉన్నాయి, పైది మరికాస్త ఎక్కువ. అంటే రెండు కారణాలూ కలిశాయి. ముందు ఆ నూనె ఆపి, జిడ్డును గట్టిగా వదిలించే క్లారిఫయింగ్ షాంపూతో వారానికోసారి తలంటుకోవాలి. బోరు నీళ్లయితే ఖనిజాలను లాగేసే కీలేటింగ్ షాంపూ మేలు. ఇవి జుట్టును పొడిబారుస్తాయి కాబట్టి తర్వాత రంగులేని కండిషనర్ తప్పనిసరి. రెండు మూడు తలంట్లకు లోపలి పాయ తెల్లబడితే అది మరకే.

నడినెత్తిన ఇంకా మిగిలిన పసుపుకు ఊదారంగు షాంపూ. పంచెలకు నీలిమందు పెట్టినట్టే ఇదీ: పసుపును తీసెయ్యదు, ఊదా తోడై కంటికి పసుపు కనపడనివ్వదు. రెండు మూడు నిమిషాలుంచి కడిగేస్తే చాలు, అదీ వారానికి ఒకసారి. ఎక్కువసేపు ఉంచితే జుట్టు లేత వంగపూవు రంగుకు తిరుగుతుంది. అలా అయితే కంగారు అక్కర్లేదు, మామూలు షాంపూతో కొన్ని తలంట్లకు దిగిపోతుంది. బట్టల నీలిమందును మాత్రం తలకు పెట్టకండి, అది చర్మం కోసం చేసింది కాదు.

ఎండకు బాగా పాడైన కొసలు మళ్లీ తెల్లబడవు, కత్తిరించుకోవడమే. జుట్టు నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతుంది. ఆ కొత్త జుట్టయినా తెల్లగా ఉండాలంటే మధ్యాహ్నం బయటికెళ్లేటప్పుడు గొడుగో, తలమీద కండువానో ఉంచుకోండి.